ఆ ఎనిమిది అక్షరాలే ఆచూకీ: బిట్‌లాకర్ రికవరీ కీని ఎక్కడ వెతకాలి?

విండోస్‌లోని బిట్‌లాకర్ అనే గుప్తీకరణ ఏర్పాటుతో తాళం పడిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు తగిలించగానే ఫోల్డర్లకు బదులు ఒక నీలిరంగు పెట్టె తెర మీదికి వచ్చి, నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ ఇమ్మని అడుగుతుంది. అప్పుడు ఎవరి చూపైనా ముందు ఆ ఖాళీ గడి మీదే పడుతుంది. అన్ని అంకెలు తానెప్పుడు పెట్టానో, ఎక్కడ రాసుకున్నానో గుర్తురాక మనిషి కంగారు పడతాడు. నిజానికి చూడవలసింది ఆ గడిని కాదు, దాని పక్కనే చిన్న అక్షరాలలో `Key ID` అని కనిపించే ఎనిమిది అక్షరాలను. ఉదాహరణకు అది `7C41D0E9` అని ఉండవచ్చు. అది రహస్యం కాదు, దానితో డ్రైవ్ తెరుచుకోదు. కానీ ఎక్కడో భద్రంగా ఉన్న అసలు కీకి అదే చీటీ నంబరు. కాబట్టి మరేదీ చేయకముందు దానిని కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఈ కీ స్వభావం ముందుగా తెలుసుకుంటే వెతుకులాట సులువవుతుంది. పాస్‌వర్డ్ అంటే మనం ఎంచుకున్న మాట. రికవరీ కీ మాత్రం మనం ఎంచుకున్నది కాదు. డ్రైవ్‌కు బిట్‌లాకర్ పెట్టిన సమయంలో విండోస్ దానిని యాదృచ్ఛికంగా తయారుచేసి, ఏదో ఒక చోట దాచుకొమ్మని మన చేతికి ఇస్తుంది. దాని నకలు ఒకటి డ్రైవ్‌లోనూ ఉంటుంది గాని, అది కూడా గుప్తీకరించే ఉంటుంది. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే వేసి మూసినట్లన్నమాట. అందువల్ల తెరిచి ఉన్న డ్రైవ్ తన కీని తానే చూపగలదు, మూసి ఉన్న డ్రైవ్ చూపలేదు. ప్రతి డ్రైవ్‌కూ వేరే కీ ఉంటుంది, అన్నింటినీ తెరిచే ఉమ్మడి కీ అంటూ ఏదీ లేదు. అదే డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి మళ్లీ బిట్‌లాకర్ పెడితే కొత్త కీ, కొత్త గుర్తింపు వస్తాయి; పాత కాగితం ఇక చెల్లదు.

ఇక అసలు ప్రశ్న: ఈ డ్రైవ్ పుట్టుకతోనే ఎక్స్‌టర్నల్ డ్రైవా, లేక ఒకప్పుడు ల్యాప్‌టాప్ లోపల ఉండి, అది పాడయ్యాక బయటికి తీసి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టినదా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ కీ ఉండే చోటు ఈ రెండింటికీ పూర్తిగా వేరు. చాలామంది ఈ తేడాను గమనించకపోవడం వల్లనే తప్పు చోట రోజుల తరబడి వెతుకుతారు.

ఎటువంటి డ్రైవో సందేహం ఉంటే డ్రైవ్‌నే అడగవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, డ్రైవ్ అక్షరం `E:` అనుకుంటే, ఈ వరుస ఇవ్వాలి:

```
manage-bde -protectors -get E:
```

డ్రైవ్ మూసి ఉన్నా ఈ కమాండ్ పనిచేస్తుంది, విండోస్ హోమ్ ఎడిషన్‌లోనూ ఉంటుంది. ఆ డ్రైవ్‌ను తెరవగల మార్గాలేమిటో ఇది వరుసగా చెబుతుంది. `Numerical Password` అన్నదే మన నలభై ఎనిమిది అంకెల కీ. అంకెలు కనిపించవు గాని, దాని కింద పూర్తి గుర్తింపు సంఖ్య ఉంటుంది, పెట్టెలో కనిపించిన ఎనిమిది అక్షరాలు దాని మొదటి భాగమే. దానితోపాటు `Password` అని కూడా ఉంటే, ఎవరో కావాలని ఈ డ్రైవ్‌కు పాస్‌వర్డ్ పెట్టారన్నమాట. ఆ పాస్‌వర్డ్ గుర్తుకొస్తే రికవరీ కీతో పనే లేదు. అలా కాక `TPM` అని కనిపిస్తే, ఇది ఏదో కంప్యూటర్‌లో విండోస్ నడిచిన డిస్క్. టీపీఎం అనేది ఆ కంప్యూటర్ మదర్‌బోర్డుతో ముడిపడిన భద్రతా చిప్. ఇన్నాళ్లూ అది చడీచప్పుడు లేకుండా తాళం తీస్తూ వచ్చింది. డిస్క్ బయటికి వచ్చాక ఆ చిప్ తోడు లేదు, పాస్‌వర్డ్ ఎన్నడూ పెట్టలేదు, కనుక విండోస్ నేరుగా రికవరీ కీనే అడుగుతుంది. «నేనెప్పుడూ తాళం వేయలేదే» అని వాపోయేవారిలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఈ రకం డిస్కే, వారి మాట కూడా నిజమే.

మొదటి రకాన్ని ముందు చూద్దాం. విండోస్ తనంతట తాను యూఎస్‌బీ డ్రైవ్‌లకు తాళం వేయదు. కాబట్టి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌గానే తాళం పడిందంటే, ఎవరో ఒకరు ప్రో లేదా అంతకు పై ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లో కూర్చుని బిట్‌లాకర్‌ను ఆన్ చేశారు. ఆ సమయంలో కీని ఎక్కడ దాచాలో విండోస్ తప్పనిసరిగా అడుగుతుంది, ఏదో ఒకటి ఎంచుకోనిదే ముందుకు పోనివ్వదు. సొంత కంప్యూటర్‌లో సాధారణంగా కనిపించే దారులు మూడు: మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచడం, ఫైల్‌గా దాచడం, ముద్రించుకోవడం. ఈ రకం డ్రైవ్ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి దానంతట అది వెళ్లదనీ, అప్పట్లో ఆ దారిని ఎంచుకుని ఉంటేనే అక్కడ ఉంటుందనీ గుర్తుంచుకోవాలి. ఖాతాలో కనబడనంత మాత్రాన కీ లేదని నిరాశపడనక్కరలేదు.

ఫైల్‌గా దాచి ఉంటే దాని పేరు `BitLocker Recovery Key` అనే మాటలతో మొదలై, తరువాత పూర్తి గుర్తింపు సంఖ్యతో, `.TXT` తో ముగుస్తుంది. ఎవరూ పని గట్టుకుని పేరు మార్చరు కనుక పేరుతో వెతకడమే తేలిక. తాళం వేసిన నాటి కంప్యూటర్‌లో ఇలా అడగవచ్చు:

```
dir /s /b "C:\Users\*BitLocker*"
```

ఒక చోట మాత్రం వెతకనక్కరలేదు: తాళం వేస్తున్న డ్రైవ్‌లోనే ఆ ఫైల్‌ను దాచడానికి విండోస్ ఒప్పుకోదు. అందుకే ఈ ఫైళ్లు చాలాసార్లు చేతికందిన మరో పెన్‌డ్రైవ్‌లోనో, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనో పడి ఉంటాయి. ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో అనుసంధానమై ఉంటే, కంప్యూటర్ పోయినా ఫైల్ క్లౌడ్‌లో మిగిలి ఉండవచ్చు. వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే దొరుకుతుంది. ముద్రించుకునే దారి ఎంచుకున్నవారి విషయంలో ఒక మెలిక ఉంది. ప్రింటర్ లేని చాలామంది `Microsoft Print to PDF` నొక్కి పీడీఎఫ్ చేసుకుంటారు, దానికి అప్పటికి తోచిన పేరేదో పెడతారు. అటువంటి ఫైల్ పై కమాండ్‌కు చిక్కదు. ఆ నాటి తేదీ ప్రకారం పీడీఎఫ్‌లను వరుసగా చూసుకోవలసిందే.

తాళం పడిన తేదీ మాత్రం ఎలా తెలుస్తుందంటారా? దానికీ ఒక ఆధారం ఉంది, విండోస్ చూపదు గాని. బిట్‌లాకర్ తాళం వేసేటప్పుడు డ్రైవ్ మీద ఒక చిన్న వివరణను గుప్తీకరించకుండానే రాస్తుంది: ఏ కంప్యూటర్‌లో, ఏ డ్రైవ్ అక్షరంతో, ఏ తేదీన తాళం పడిందో అందులో ఉంటుంది. లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, క్రిప్ట్‌సెటప్ అనే సాధనం 2.3.0 లేదా ఆ తరువాతి వెర్షన్‌తో దానిని చదవవచ్చు. డ్రైవ్ విభజన `sdb1` అయితే:

```
sudo cryptsetup bitlkDump /dev/sdb1
```

ఇది చదువుతుందే తప్ప డ్రైవ్‌లో దేనినీ మార్చదు, పాస్‌వర్డ్ కూడా అడగదు. వచ్చిన సమాచారంలో `Description` అనే వరుసలో కంప్యూటర్ పేరు, తేదీ కనిపిస్తాయి. ఆ కంప్యూటర్‌కు తరువాత పేరు మార్చి ఉన్నా ఇక్కడ నాటి పేరే ఉంటుంది. «ఇది నా పాత ఆఫీసు యంత్రం పేరు కదా» అని గుర్తుకొచ్చిన క్షణాన వెతకవలసిన చోటు సగం తేలిపోయినట్లే. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా విలువైన, అన్నింటికన్నా తక్కువమందికి తెలిసిన ఆధారం ఇదే.

ఆ పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే మరో అవకాశం ఉంది. చాలామంది తమ సొంత కంప్యూటర్‌లో ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టడం విసుగై, ఆ ఒక్క యంత్రంలో డ్రైవ్ దానంతట అదే తెరుచుకునేలా పెట్టుకుని, కాలక్రమంలో పాస్‌వర్డ్‌ను మరచిపోతారు. అక్కడికి తీసుకెళ్లి తగిలిస్తే డ్రైవ్ తెరుచుకుంటుంది. తెరిచి ఉండగా మొదటి కమాండ్‌నే మళ్లీ ఇస్తే, ఇంతకుముందు గుర్తింపు మాత్రమే చూపిన చోట ఈసారి నలభై ఎనిమిది అంకెలూ కనిపిస్తాయి.

ఇక రెండో రకం, అంటే ల్యాప్‌టాప్ నుంచి బయటికి తీసిన డిస్క్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావరకు విండోస్ హోమ్‌తో సహా «డివైస్ ఎన్‌క్రిప్షన్» అనే ఏర్పాటు ఉంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24H2 నుంచి ఇది మరిన్ని యంత్రాలలో దానంతట అదే ఆన్ అవుతోంది. అది పనిచేసే తీరులోనే మనకు కావలసిన జవాబు ఉంది. మొదట డిస్క్ గుప్తీకరణ జరిగినా తాళంచెవి దానిమీదే బాహాటంగా ఉంటుంది, అంటే తాళం వేసీ వేయనట్లే. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న ఎవరైనా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడే రికవరీ కీ ఆ ఖాతాలోకి చేరుతుంది, బాహాటంగా ఉన్న చెవి తొలగిపోతుంది, తాళం నిజంగా పడుతుంది. సంస్థకు చెందిన యంత్రమైతే అదే కీ, ఆ సంస్థ తన కంప్యూటర్ల వివరాలు నమోదు చేసుకునే డైరెక్టరీకి చేరుతుంది. దీనినుంచి తేలేదేమిటంటే, ఈ పద్ధతిలో తాళం పడిన డిస్క్ ఇప్పుడు కీ అడుగుతోందంటే, ఆ కీ ఏదో ఒక ఖాతాకు చేరిన తరువాతే తాళం పడింది. చేరిందా లేదా అన్నది ప్రశ్న కాదు, ఎవరి ఖాతాకు అన్నదే ప్రశ్న.

నాతో పనిచేసే ఒకామె అనుభవం ఇక్కడ చెప్పుకోదగినది. ఆమె ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది. బాగుచేసిన మనిషి డిస్క్‌ను తీసి ఎన్‌క్లోజర్‌లో పెట్టి ఇచ్చాడు. కొత్త కంప్యూటర్‌కు తగిలిస్తే `7C41D0E9` గుర్తింపుతో కీ అడిగింది. ఆమె తన మైక్రోసాఫ్ట్ ఖాతాతో `account.microsoft.com/devices/recoverykey` పేజీ తెరిస్తే ఒకే ఒక వరుస కనిపించింది, అది కొత్త కంప్యూటర్‌ది. «నా ఖాతాలో లేదు కాబట్టి ఇక లేదు» అన్న నిర్ణయానికి ఆమె వచ్చేసింది. ఆ ల్యాప్‌టాప్ కొన్న రోజున దానిని మొదట ఎవరు సిద్ధం చేశారని అడిగితే, కాసేపు ఆలోచించి «మా అన్నయ్య» అంది. అన్నయ్య తన ఖాతాతోనే లాగిన్ అయి అన్నీ అమర్చి, ఆ తరువాత చెల్లెలికి వేరే ఖాతా చేసి ఇచ్చాడట. ఆయన తన ఖాతాలో అదే పేజీ తెరిస్తే నాలుగు వరుసలు వచ్చాయి, వాటిలో రెండింటికి కంప్యూటర్ పేరు ఒకటే. మధ్యలో ఒకసారి విండోస్‌ను రీసెట్ చేయడం వల్ల పాత కీ ఒకటి, కొత్త కీ ఒకటి మిగిలాయన్నమాట. పేరు చూసి పై వరుసలోని అంకెలు కొడితే డ్రైవ్ ఒప్పుకోలేదు. రెండో వరుసలో `Key ID` సరిగ్గా `7C41D0E9`; ఆ అంకెలు ఇవ్వగానే ఫోల్డర్లన్నీ కనిపించాయి.

ఆ పేజీలో `Drive` అనే నిలువు వరుస కూడా కొంత ఉపయోగపడుతుంది: విండోస్ ఉన్న డిస్క్‌కు `OSV`, అదే యంత్రంలోని ఇతర అంతర్గత విభజనలకు `FDV`, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకు `RDV` అని ఉంటుంది. అయినా తుదిమాట `Key ID`దే. కంప్యూటర్ పేరు, తేదీ అన్నీ సరిపోయి అది ఒక్కటి సరిపోకపోతే ఆ కీ వేరే తాళానిది. ఒక మనిషికి రెండు మూడు మైక్రోసాఫ్ట్ ఖాతాలు ఉండడం సాధారణమే. ఆటల కోసం తెరిచినదీ, పాత ఈమెయిల్‌తో ఉన్నదీ కూడా చూడాలి. పాడైన ల్యాప్‌టాప్‌ను ఖాతాలోని పరికరాల జాబితా నుంచి «ఇక లేదు కదా» అని తొలగించే పని మాత్రం కీ దొరికి, డేటా కాపీ అయ్యేవరకు పెట్టుకోకూడదు. ల్యాప్‌టాప్‌లో తెర మాత్రమే పగిలి మిగతాది బాగుంటే కీ వెతుకులాటే అనవసరం: డిస్క్‌ను మళ్లీ అందులోనే పెట్టి, బయటి మానిటర్ తగిలిస్తే, టీపీఎం చిప్ ఎప్పటిలాగే తాళం తీస్తుంది.

ఉద్యోగ సంస్థలో తాళం పడిన డ్రైవ్ అయితే కీ మీ దగ్గర లేకపోవచ్చు. బిట్‌లాకర్ లేని పెన్‌డ్రైవ్‌లలో రాయడాన్ని కొన్ని సంస్థలు నిషేధిస్తాయి. అటువంటి చోట ఒకసారి సొంత డ్రైవ్ తగిలించి, అడిగినదానికి ఒప్పుకుని, ఆ సంగతే మరచిపోయేవారుంటారు. అక్కడి ఐటీ విభాగంవారు యాక్టివ్ డైరెక్టరీలో ఆ ఎనిమిది అక్షరాలతోనే కీని వెతకగలరు. కీ డ్రైవ్ పేరు మీద కాక, తాళం వేసిన కంప్యూటర్ పేరు మీద నమోదై ఉంటుంది. కాబట్టి ఆ యంత్రం వివరాలను డైరెక్టరీ నుంచి తొలగించి ఉంటే వాటితోపాటే కీ కూడా పోతుంది. ఉద్యోగం మానేవారు ఈ విషయాన్ని వెళ్లకముందే చూసుకోవాలి.

కాగితం దొరికినా అందులోని అంకెలు చేతిరాతవైతే మరో చిక్కు ఉంటుంది: అది ఒకటా, ఏడా? ఇక్కడ కీ నిర్మాణమే సాయపడుతుంది. నలభై ఎనిమిది అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ పదకొండుతో నిశ్శేషంగా భాగించబడాలి, ఏ గుంపూ 720885 దాటకూడదు. ఒక గుంపులో చివరి అంకె ఒకటో ఏడో తెలియక 402171, 402177 అని రెండు రకాలుగా చదవవచ్చనుకుందాం. అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడి, మిగిలినవాటిని తీసివేయాలి; వచ్చినది సున్నా గాని, పదకొండు గుణిజం గాని కావాలి. మొదటిదానికి 4−0+2−1+7−1 చేస్తే పదకొండు వస్తుంది, కనుక సరైనది. రెండోదానికి ఐదు వస్తుంది, కనుక అది కాదు. ఒక అంకె తప్పు చదివినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్కలో తప్పక దొరికిపోతాయి. ఎనిమిదితోనో తొమ్మిదితోనో మొదలయ్యే గుంపు అసలు ఉండదు. అలా కనిపిస్తే అక్కడే చదవడంలో పొరపాటు జరిగింది.

గుర్తింపు సరిపోయి, అంకెలన్నీ ఈ లెక్కకు నిలిచి, అయినా డ్రైవ్ తెరుచుకోకపోతే, కీని కాక డిస్క్‌ను అనుమానించాలి. తాళానికి సంబంధించిన సమాచారం డిస్క్ మీద మూడు చోట్ల నకళ్లుగా ఉంటుంది, కాబట్టి కొంత పాడైనా మిగిలినదాని ఆధారంగా డేటాను రాబట్టే ప్రయత్నం చేయవచ్చు. దానికి విండోస్‌లోనే `repair-bde` ఉంది. అది పాడైన `E:` నుంచి చదివి, వచ్చిన డేటాను `F:` అనే మరో డ్రైవ్‌లో రాస్తుంది. ఆ రెండో డ్రైవ్‌లో అప్పటిదాకా ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి అది ఖాళీదీ, మొదటిదాని కంటే చిన్నది కానిదీ అయి ఉండాలి. కీ గాని, డ్రైవ్ పాస్‌వర్డ్ గాని లేనిదే ఇది కూడా పనిచేయదు.

ఏ ఖాతాలోనూ, ఏ ఫైల్‌లోనూ, ఏ కాగితం మీదా ఆ గుర్తింపు కనబడకపోతే? కీ వెనుక 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఉంది, దానిని ఊహించి పట్టుకోవడం సాధ్యం కాదు. కీ పోతే దానిని వెతికి ఇవ్వడం గాని, మళ్లీ తయారుచేయడం గాని తమవల్ల కాదని మైక్రోసాఫ్ట్ సహాయ విభాగమే స్పష్టంగా చెబుతుంది. కీ లేకుండానే తెరుస్తామని ప్రకటించుకునే సాఫ్ట్‌వేర్‌లకు డబ్బు కట్టడం వృథా. పాస్‌వర్డ్ పెట్టిన డ్రైవ్‌లో ఆ పాస్‌వర్డ్ సగం గుర్తుంటే, దాని రూపాలను ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూసే దారి ఒకటుంది గాని, బిట్‌లాకర్ ప్రతి ప్రయత్నానికీ పది లక్షలకు పైగా ఆవృత్తుల లెక్క చేయిస్తుంది కనుక అది ఎంతో నెమ్మదిగా సాగుతుంది. `TPM` రకం డిస్క్‌కు ఆ దారి కూడా లేదు. ఫార్మాట్ చేస్తే డ్రైవ్ మళ్లీ వాడుకోవడానికి వస్తుంది, డేటా రాదు. డేటా మీద ఆశ ఉన్నంతకాలం, డ్రైవ్‌ను గుర్తించలేని ఏ కంప్యూటర్ అయినా ఫార్మాట్ చేయమంటారా, ఇనిషియలైజ్ చేయమంటారా అని అడిగితే వద్దనే చెప్పాలి.

డ్రైవ్ తెరుచుకున్నాక ముందు డేటాను వేరే చోటికి కాపీ చేసుకోవాలి, ఎందుకంటే ఆ కీతో తెరిచిన తాళం డ్రైవ్‌ను ఊడదీసి మళ్లీ తగిలించగానే తిరిగి పడుతుంది. తాళం ఇక అక్కరలేదనుకుంటే దానిని శాశ్వతంగా తీసివేయడానికి ఈ కమాండ్ ఉంది:

```
manage-bde -off E:
```

వరుస కొట్టగానే పని అయిపోయినట్లు కనిపిస్తుంది గాని, డిస్క్ అంతటినీ విప్పి రాసే పని వెనుక సాగుతూనే ఉంటుంది. పెద్ద డ్రైవ్ అయితే గంటలు పడుతుంది. `manage-bde -status E:` ఇచ్చినప్పుడు `Fully Decrypted` అని కనిపించేదాకా కేబుల్‌ను కదపకుండా ఉంచాలి.